హాస్టల్ విద్యార్థినుల ఫోన్ వాడకంపై 5 నిమిషాల ప్రసంగ పాఠం: రెండు సగటులు కలిశాయి కాబట్టి సర్వే సరైనదే అనవచ్చా?

డిగ్రీ_చివరి_ఏడు (సోమవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. నేను దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలోని ఒక మహిళా హాస్టల్‌లో ఉంటూ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. తరగతి ప్రాజెక్టు కోసం మా హాస్టల్‌లోనే మొబైల్ వాడకంపై ఒక చిన్న సర్వే చేశాను. హాస్టల్‌లో మొత్తం 180 మంది ఉంటాము. ఒక ఆదివారం సాయంత్రం భోజనశాలలో ప్రశ్నావళి పంచితే 46 మంది పూర్తి చేసి ఇచ్చారు. వారిలో 15 మంది తమ ఫోన్ సెట్టింగ్స్ తెరిచి, అంతకుముందు వారం రోజుకు సగటున ఎంతసేపు వాడారో చూసి ఆ అంకెను కూడా రాశారు. వచ్చే శుక్రవారం తరగతి ముందు 5 నిమిషాలు మాట్లాడాలి. ప్రసంగ పాఠంలోని ముఖ్య భాగం ఇది:

> "హైదరాబాద్ హాస్టల్ విద్యార్థుల మొబైల్ వాడకంపై మేము సర్వే జరిపాము. విద్యార్థులు రోజుకు సగటున 5.37 గంటలు మొబైల్ వాడుతున్నారని తేలింది. 73.91 శాతం మంది చదువు మొబైల్ వల్ల దెబ్బతింటోంది. 15 మంది ఫోన్లలో నమోదైన సమయాన్ని పరిశీలించగా అది సగటున 5 గంటల 23 నిమిషాలు ఉంది. 5.37 గంటలంటే 5 గంటల 22 నిమిషాలు. రెండింటి మధ్య తేడా ఒక్క నిమిషమే కాబట్టి విద్యార్థులు ఇచ్చిన సమాధానాలు కచ్చితమైనవని రుజువైంది."

ఈ చివరి వాక్యమే ప్రసంగానికి బలమని నా స్నేహితురాళ్లు అంటున్నారు. సర్వేలో చెప్పినది, ఫోన్‌లో నమోదైనది ఇంత దగ్గరగా రావడం నాకూ ఆశ్చర్యం కలిగించింది. ఈ వాక్యాన్ని ఇలాగే ఉంచవచ్చా అన్నది నా ప్రశ్న.

ఎంబీఏ_రెండో_ఏడు (సోమవారం, రాత్రి 9:32)

పాఠం బాగుంది, కానీ అసలు ఇబ్బంది మీ సంఖ్యలోనే ఉంది. సర్వేకు కనీసం 384 మంది ఉండాలని మాకు పరిశోధన పద్ధతుల పాఠంలో చెప్పారు. 46 మందితో ఏదీ నిరూపించలేరు. నా సలహా ఏమిటంటే పక్క హాస్టళ్లకు కూడా గూగుల్ ఫారం పంపి, సంఖ్యను 384 వరకు తీసుకువెళ్లి, ఆ తరువాత ఇదే పాఠాన్ని చదవండి. అప్పుడు ఎవరూ ప్రశ్నించరు.

గణాంక_అధ్యాపకుడు (సోమవారం, రాత్రి 10:15)

అమ్మా, ఒక చిన్న ప్రశ్న. ఫోన్ చూపించిన 15 మంది, ఫోన్ చూడక ముందు ప్రశ్నావళిలో ఎన్ని గంటలని రాశారు? 46 మంది సగటు కాదు, ఆ 15 మందివే విడిగా కావాలి. వీలైతే ఒక్కొక్కరివి రెండేసి అంకెలను పేర్లు లేకుండా ఇక్కడ పెట్టండి. ఆ జతలు చూడకుండా మీ చివరి వాక్యం గురించి ఏమీ చెప్పలేము.

384 గురించి రెండో ఏడు విద్యార్థి చెప్పినది సగం సరైనదే. ఆ సంఖ్య చాలా పెద్ద జనాభా నుంచి యాదృచ్ఛికంగా మనుషులను ఎంచుకొని, 95 శాతం విశ్వాస స్థాయిలో 5 శాతం లోపు పొరపాటుతో ఒక నిష్పత్తిని అంచనా వేయాలనుకున్నప్పుడు వచ్చేది. 180 మంది మాత్రమే ఉన్న హాస్టల్‌కు అదే లెక్క కడితే 123 వస్తుంది. అంతకంటే ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ రెండు సంఖ్యలూ యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే వర్తిస్తాయి. భోజనశాలలో ఆ సాయంత్రం ఎదురుపడినవారికి కాగితాలు ఇస్తే, వారు 46 మంది అయినా 384 మంది అయినా ఆ లెక్క వర్తించదు. పక్క హాస్టళ్లకు ఫారం పంపితే ఎవరు నింపారో కూడా మీకు తెలియకుండా పోతుంది. ఉన్న 46 మందినే ఉంచుకొని, వారు ఎవరో స్పష్టంగా చెప్పడం మేలు.

డిగ్రీ_చివరి_ఏడు (సోమవారం, రాత్రి 10:50)

సర్, ఆ 15 జతలు ఇవి. మొదటిది వారు ప్రశ్నావళిలో రాసిన గంటలు, రెండోది ఫోన్‌లో కనిపించిన రోజువారీ సగటు.

```
3   - 4:30      4  - 6:05
3   - 5:20      3  - 4:40
4   - 4:15      8  - 6:30
2   - 3:50      5  - 7:10
5   - 6:40      4  - 5:05
4   - 5:35      10 - 8:20
6   - 5:50      2  - 4:00
                4  - 2:50
```

ముందుగా ప్రశ్నావళి రాయించి, తరువాతే ఫోన్ తెరవమన్నాను. కాబట్టి ఫోన్ చూసి రాసినవారు లేరు.

గణాంక_అధ్యాపకుడు (సోమవారం, రాత్రి 11:25)

ఫోన్ తెరవకముందే రాయించడం చాలా మంచి పని. చాలామంది ఈ క్రమాన్ని పట్టించుకోరు. మీరు పట్టించుకున్నందువల్లే ఇప్పుడు అసలు సంగతి బయటపడుతోంది.

ఈ 15 మంది రాసిన గంటలను కూడండి. 67 వస్తుంది. 15తో భాగిస్తే 4.47, అంటే దాదాపు 4 గంటల 28 నిమిషాలు. వారి ఫోన్లు చూపినది 5 గంటల 23 నిమిషాలు. అంటే ఒకే మనుషులను తీసుకుంటే చెప్పినదానికీ నమోదైనదానికీ మధ్య దాదాపు 55 నిమిషాల తేడా ఉంది. మీ పాఠంలో కనిపించిన ఒక్క నిమిషం తేడా 46 మంది చెప్పినదాన్ని వారిలో 15 మంది ఫోన్లతో మాత్రమే పోల్చడం వల్ల వచ్చింది. ఆ రెండు సగటులు ఒకచోట కలవడం కేవలం యాదృచ్ఛికం.

ఇక ఒక్కొక్కరినీ విడిగా చూడండి. అరగంట లోపు తేడాతో సరిగ్గా చెప్పినవారు ఇద్దరే. 10 మంది ఒక గంటకు పైగా తక్కువ చెప్పారు. ముగ్గురు ఒక గంటకు పైగా ఎక్కువ చెప్పారు. 10 గంటలు అని రాసినవారి ఫోన్‌లో 8:20 ఉంది, 3 గంటలు అని రాసినవారి ఫోన్‌లో 5:20 ఉంది. సగటు తీసినప్పుడు ఎక్కువ చెప్పినవారి పొరపాటు తక్కువ చెప్పినవారి పొరపాటును కొంత పూడుస్తుంది. అందుకే సగటులు కలిసినంత మాత్రాన మనుషులు కచ్చితంగా చెప్పారనడానికి వీలుండదు. ఈ విషయం మీ ఒక్క హాస్టల్‌కు పరిమితమైనది కాదు. 2021లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన వచ్చింది. మనుషులు తమ వాడకం గురించి చెప్పే అంచనాకూ పరికరాల్లో నమోదైన వాడకానికీ సంబంధం ఒక మోస్తరుగానే ఉందని, స్వీయ అంచనాలు కచ్చితంగా ఉండడం అరుదని అందులో తేలింది.

మీ చివరి వాక్యాన్ని ఉంచకండి. దాని స్థానంలో దాదాపు దానికి వ్యతిరేకమైన వాక్యం రావాలి. నిజానికి మీ సర్వేలో అన్నిటికంటే విలువైన ఫలితం అదే.

మరొకటి అడగాలి. 46 మందిలో చాలా పెద్ద అంకెలు రాసినవారు ఉన్నారా? 15 మంది సగటు 4.47 అయితే మొత్తం సగటు 5.37 కావడానికి ఎవరో పైకి లాగి ఉండాలి.

సర్వే_క్షేత్ర_కార్యకర్త (మంగళవారం, ఉదయం 7:05)

నేను పన్నెండేళ్లుగా ఇంటింటి సర్వేలలో పనిచేస్తున్నాను. అధ్యాపకుడు గారు అడిగినదానికి ముందుగా ఒక ఊహ చెబుతాను. ప్రశ్నావళిలో "మీరు రోజుకు ఎన్ని గంటలు మొబైల్ వాడతారు?" అని మాత్రమే ఉండి ఉంటే, ఎవరో ఒకరు 24 అని రాసి ఉంటారు. పాటలు పెట్టుకొని పడుకునేవారు, హాట్‌స్పాట్ ఆన్ చేసి ఉంచేవారు, ఫోన్ ఎప్పుడూ చేతిలో ఉంటుంది కాబట్టి రోజంతా వాడుతున్నట్టే అనుకునేవారు అలా రాస్తారు. అది అబద్ధం కాదు. వారు ప్రశ్నను వేరుగా అర్థం చేసుకున్నారు.

డిగ్రీ_చివరి_ఏడు (మంగళవారం, ఉదయం 8:20)

అక్కా, మీరు అన్నట్టే ఒకరు 24 అని రాశారు. 14 అని ఒకరు, 15 అని ఇద్దరు రాశారు. ఈ నలుగురిలో ఎవరూ ఫోన్ చూపించడానికి ఒప్పుకోలేదు. ప్రశ్న కూడా సరిగ్గా మీరు రాసిన మాటల్లోనే ఉంది. 24 అని రాసిన కాగితాన్ని తీసేస్తే సగటు 4.96 అవుతోంది. తీసేయాలా?

గణాంక_అధ్యాపకుడు (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

ఒక్క కాగితం 46 మంది సగటును 5.37 నుంచి 4.96కు మార్చగలిగిందంటే, దాదాపు 25 నిమిషాలు ఒక్కరి మీదే ఆధారపడి ఉన్నాయన్నమాట. చిన్న సర్వేలలో సగటు కంటే మధ్యగతం చెప్పడం మంచిదనడానికి కారణం ఇదే. 46 కాగితాలనూ తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, నడుమ ఉన్న 23వ, 24వ కాగితాలు చూడండి. నా ఊహ సరైతే రెండూ 4 గంటలే అవుతాయి. 24 రాసిన కాగితం ఉన్నా లేకపోయినా అది మారదు. అప్పుడు తీసేయాలా వద్దా అన్న ప్రశ్నే మీ ప్రధాన అంకెను తాకదు.

15 మంది ఫోన్ అంకెలను కూడా అలాగే పేరిస్తే 8వది 5 గంటల 20 నిమిషాలు. అదే 15 మంది చెప్పినవాటి మధ్యగతం 4 గంటలు. తరగతిలో నోటితో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు. "అయిదు పాయింట్ మూడు ఏడు" అని వింటున్నవారి చెవిలో ఏమీ నిలవదు. పైగా వందో వంతు గంట దాకా మనకు తెలుసన్న భ్రమ కూడా కలిగిస్తుంది.

అదే కారణంతో 73.91 శాతం అనకండి. "46 మందిలో 34 మంది" అనండి. శాతంలో రెండు దశాంశ స్థానాలు రాస్తే అక్కడ వేల మంది ఉన్నారనిపిస్తుంది. ఇక్కడ ఒక్క మనిషి అటు ఇటు అయినా శాతం రెండుకు పైగా మారుతుంది.

సర్వే_క్షేత్ర_కార్యకర్త (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

మధ్యగతం విషయంలో సర్‌తో ఏకీభవిస్తున్నాను. 24 రాసిన కాగితం విషయంలో మాత్రం ఒక భేదాభిప్రాయం ఉంది. ఆ కాగితాన్ని లోపల ఉంచి నోరు మెదపకుండా ఉంటే, ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదన్న సమాచారం పోతుంది. పాఠంలో ఒక్క వాక్యం పెట్టండి. "ఒకరు 24 గంటలు అని రాశారు, అంటే ప్రశ్నను ఫోన్ ఆన్‌లో ఉన్న సమయంగా అర్థం చేసుకున్నారని భావిస్తున్నాము" అంటే సరిపోతుంది. తరువాత ఈ సర్వే చేసేవారు ప్రశ్నను "నిన్న స్క్రీన్ వైపు చూస్తూ మీరు ఫోన్ వాడిన సమయం" అని మార్చుకోగలుగుతారు. రోజుకు అని అడిగితే జనం మామూలు రోజును ఊహించుకొని గుండ్రని అంకె రాస్తారు. నిన్నటి గురించి అడిగితే కనీసం ఒక నిర్దిష్టమైన రోజును గుర్తు తెచ్చుకుంటారు.

ఇంకో విషయం. 4 అని రాసినవారు మొత్తం ఎంతమంది?

డిగ్రీ_చివరి_ఏడు (మంగళవారం, సాయంత్రం 6:15)

మధ్యగతం 4 గంటలే వచ్చింది సర్. అక్కా, 4 అని రాసినవారు 13 మంది. ఒకే బల్ల దగ్గర కూర్చున్నవారు ఒకరినొకరు "నువ్వెంత రాశావు" అని అడుగుకోవడం నేను విన్నాను. అందుకే అంతమంది 4 రాసి ఉండవచ్చు.

సర్వే_క్షేత్ర_కార్యకర్త (మంగళవారం, సాయంత్రం 6:40)

అది కూడా ఉంటుంది, గుండ్రని అంకె అలవాటు కూడా ఉంటుంది. రెండింటినీ విడదీయడం ఇప్పుడు సాధ్యం కాదు. అందుకే నాకు ఆ 15 ఫోన్ అంకెలే ఎక్కువ నమ్మదగినవిగా అనిపిస్తున్నాయి.

నల్లగొండ_తండ్రి (మంగళవారం, రాత్రి 8:05)

అయ్యా, మా అమ్మాయి కూడా హైదరాబాద్‌లోనే హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. ఈ చర్చ చదివాక చాలా ఆందోళనగా ఉంది. పోయిన వారం ఇంటికి వచ్చినప్పుడు నేను ఆమె ఫోన్ సెట్టింగ్స్‌లో చూస్తే రోజుకు 6 గంటలకు పైగా ఉంది. 34 మంది చదువు దెబ్బతిన్నదని మీ సర్వేలో తేలిందంటున్నారు. అయితే స్మార్ట్‌ఫోన్ తీసుకొని మామూలు కీప్యాడ్ ఫోన్ ఇవ్వమంటారా? రాత్రి పూట మాత్రం గంటసేపు వాళ్ల అమ్మతో వీడియో కాల్‌లోనే ఉంటుంది. వంట చేస్తూ ఫోన్ పక్కన పెట్టుకొని ఇద్దరూ మాట్లాడుకుంటారు. కళాశాలవారు నోట్సు కూడా వాట్సాప్‌లోనే పంపుతారట.

గణాంక_అధ్యాపకుడు (మంగళవారం, రాత్రి 9:00)

తండ్రి గారూ, మీ అమ్మాయి ఫోన్ గురించిన నిర్ణయానికి ఈ సర్వే ఆధారం కాలేదు. ఆ 34 మంది చదువు దెబ్బతిన్నదని ఎవరూ కొలవలేదు. "మొబైల్ వల్ల మీ చదువు దెబ్బతింటోందని అనుకుంటున్నారా" అనే ప్రశ్నకు 34 మంది అవునని గీత పెట్టారు. మార్కులు ఎవరూ అడగలేదు. ఒకవేళ మార్కులు కూడా అడిగి, ఎక్కువ వాడేవారికి తక్కువ మార్కులు వచ్చినట్టు తేలినా, చదువులో ఇబ్బంది పడుతున్నవారే ఫోన్ వైపు ఎక్కువ మళ్లుతున్నారా, ఫోన్ వల్లే ఇబ్బంది పడుతున్నారా అన్నది ఒక్కసారి చేసిన సర్వేతో తేలదు.

మీరు చెప్పిన వీడియో కాల్ సంగతి మాత్రం ఈ పాఠానికి చాలా అవసరం. స్క్రీన్ వెలిగి ఉండి యాప్ కనిపిస్తున్నంతసేపూ ఫోన్ దానిని వాడకంగానే లెక్కిస్తుంది. ఫోన్‌ను పక్కన నిలబెట్టి అమ్మతో మాట్లాడిన గంట, వాట్సాప్‌లో నోట్సు చదివిన అరగంట, రీల్స్ చూసిన గంట, అన్నీ ఒకే మొత్తంలో చేరతాయి. స్క్రీన్ ఆపి పాటలు వింటే ఆ సమయం చాలా వరకు ఆ మొత్తంలో చేరదు. అమ్మా, మీ 5 గంటల 20 నిమిషాలు వృథా చేసిన సమయం అని ఎవరికీ అనిపించకుండా పాఠంలో ఒక వాక్యం ఉండాలి.

హాస్టల్_పర్యవేక్షకురాలు (బుధవారం, ఉదయం 6:30)

నేను నగరంలోనే మరో హాస్టల్‌లో వార్డెన్‌గా పనిచేస్తున్నాను. రాత్రి 10 తరువాత ఫోన్లు తీసుకొని ఆఫీసు గదిలో పెట్టించాలా అన్నది మా దగ్గర పెద్ద చర్చగా ఉంది. ఇలాంటి సర్వే మాకు చాలా ఉపయోగపడుతుంది. గదుల వారీగా, ఏ సంవత్సరం విద్యార్థినులు ఎక్కువ వాడుతున్నారో పట్టిక ఇస్తే మీ వార్డెన్ కూడా మెచ్చుకుంటారు.

సర్వే_క్షేత్ర_కార్యకర్త (బుధవారం, ఉదయం 7:15)

మేడమ్, దయచేసి ఆ సలహాను పాటించవద్దని ఈ అమ్మాయిని కోరుతున్నాను. ఆ 46 మంది ఆ కాగితాలను ఒక తోటి విద్యార్థినికి ఇచ్చారు. వార్డెన్‌కు ఇచ్చే నివేదికకని చెప్పి ఉంటే సగం మంది ఇచ్చేవారు కాదు. ఇచ్చినవారు కూడా 2 గంటలనే రాసేవారు. గదికి ముగ్గురు ఉండే చోట గదుల వారీ పట్టిక అంటే పేర్ల పట్టికే. చెల్లెమ్మా, కాగితాలు తీసుకునేటప్పుడు వారికి మీరేమని చెప్పారు?

డిగ్రీ_చివరి_ఏడు (బుధవారం, ఉదయం 8:00)

తరగతి ప్రాజెక్టు కోసమే అని, వివరాలు హాస్టల్ ఆఫీసుకు వెళ్లవని చెప్పాను. కాగితాల మీద పేర్లు, గది సంఖ్యలు అడగలేదు. ఆ మాట నిలబెట్టుకుంటాను.

హాస్టల్_పర్యవేక్షకురాలు (బుధవారం, ఉదయం 10:40)

ఆ మాట ఇచ్చి ఉంటే నేను అడిగినది సరికాదు, ఆ పట్టిక వద్దు. అయితే మరో విధంగా సహాయపడగలననుకుంటున్నాను. ఆదివారం సాయంత్రం అంటున్నారు కదా. మా హాస్టల్‌లో నల్లగొండ, మహబూబ్‌నగర్, సిద్దిపేట వైపు పిల్లలు శనివారం మధ్యాహ్నమే ఔట్‌పాస్ తీసుకొని ఇంటికి వెళ్లి సోమవారం తెల్లవారుజామున బస్సు దిగుతారు. ఆదివారం హాస్టల్‌లో మిగిలేవారు ఆదిలాబాద్, ఖమ్మం అవతల, శ్రీకాకుళం లాంటి దూర ప్రాంతాలవారు. వీరికి ఆదివారం వేరే పని ఉండదు, ఇంటివారితో మాటలు కూడా ఫోన్‌లోనే. మీ 46 మందిలో దూరం వారే ఎక్కువగా ఉండి ఉంటారు. మీ వార్డెన్‌ను పేర్లు అడగకుండా, ఆ ఆదివారం ఎంతమంది బయట ఉన్నారో సంఖ్య ఒక్కటి అడిగి చూడండి. ఔట్‌పాస్ రిజిస్టర్‌లో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

గణాంక_అధ్యాపకుడు (బుధవారం, మధ్యాహ్నం 12:20)

ఇది నేను ఊహించని, ఎంతో పనికివచ్చే సమాచారం. ఎవరు సమాధానమిచ్చారో తెలిసినంత మాత్రాన సరిపోదు, ఎవరు ఆ చోటనే లేరో తెలియాలి. దూరం వారి వాడకం ఎక్కువే అయి ఉంటుందని మాత్రం ఇప్పుడే అనలేము. అది పర్యవేక్షకురాలి అనుభవం చెబుతున్న మాట, ఈ సర్వే దానిని అడగలేదు.

డిగ్రీ_చివరి_ఏడు (బుధవారం, రాత్రి 9:30)

మా వార్డెన్ సంఖ్య చెప్పారు. ఆ ఆదివారం 71 మంది ఔట్‌పాస్‌పై ఉన్నారు. అంటే హాస్టల్‌లో ఉన్నది 109 మంది, వారిలో 46 మంది కాగితం ఇచ్చారు. "హైదరాబాద్ హాస్టల్ విద్యార్థులు" అన్న మాటను పూర్తిగా తీసేశాను. కొత్త పాఠం ఇది. ఇంట్లో చదివి చూస్తే 5 నిమిషాల లోపే పూర్తవుతోంది.

> "మా హాస్టల్‌లో 180 మంది ఉంటాము. ఒక ఆదివారం సాయంత్రం భోజనశాలలో మొబైల్ వాడకంపై ప్రశ్నావళి పంచాను. ఆ రోజు 71 మంది ఊళ్లకు వెళ్లి ఉన్నారు, ఉన్నవారిలో 46 మంది సమాధానమిచ్చారు. కాబట్టి నేను చెప్పబోయేది ఆ సాయంత్రం హాస్టల్‌లో ఉండి, కాగితం నింపిన 46 మంది గురించి మాత్రమే.
>
> రోజుకు ఎన్ని గంటలు వాడతారని అడిగితే నడిమి సమాధానం 4 గంటలు. ఒకరు 24 గంటలు అని రాశారు. వారు ఫోన్ ఆన్‌లో ఉండే సమయంగా అర్థం చేసుకున్నారని భావిస్తున్నాను. మళ్లీ ఈ సర్వే చేస్తే నిన్న స్క్రీన్ చూస్తూ గడిపిన సమయం ఎంత అని అడుగుతాను.
>
> 15 మంది, తమ సమాధానం రాసిన తరువాత, ఫోన్‌లో నమోదైన గత వారపు సగటును కూడా చూసి రాశారు. ఆ 15 మంది చెప్పినదాని నడిమి అంకె 4 గంటలు, వారి ఫోన్లు చూపినదాని నడిమి అంకె 5 గంటల 20 నిమిషాలు. 10 మంది ఒక గంటకు పైగా తక్కువ చెప్పారు, ముగ్గురు ఒక గంటకు పైగా ఎక్కువ చెప్పారు, ఇద్దరు దాదాపు సరిగ్గా చెప్పారు. అంటే ఎంత వాడుతున్నామో మాకే సరిగ్గా తెలియదని ఈ 15 మంది విషయంలో కనిపిస్తోంది. 14 గంటలు, అంతకు మించి రాసిన నలుగురిలో ఎవరూ ఫోన్ చూపలేదు, కాబట్టి వారి సంగతి తెలియదు.
>
> ఫోన్ చూపే సమయంలో ఇంటికి చేసిన వీడియో కాల్, చదివిన నోట్సు, చూసిన రీల్స్ అన్నీ కలిసే ఉంటాయి. మొబైల్ వల్ల తమ చదువు దెబ్బతింటోందని అనుకుంటున్నట్టు 46 మందిలో 34 మంది చెప్పారు. నేను మార్కులు సేకరించలేదు, అందువల్ల అది వారి అభిప్రాయంగానే చెబుతున్నాను."

ఇక ఒకే ఒక్క స్లైడ్ పెట్టాలనుకుంటున్నాను. 15 మందికి 15 గీతలు, ఎడమ వైపు చెప్పినది, కుడి వైపు ఫోన్ చూపినది. గీత పైకి వెళ్తే తక్కువ చెప్పినట్టు, కిందికి వస్తే ఎక్కువ చెప్పినట్టు.

ఎంబీఏ_రెండో_ఏడు (బుధవారం, రాత్రి 10:05)

180కి 123 వస్తుందన్న లెక్క నేను కూడా చేసి చూశాను, సరిపోయింది. కానీ ఇన్ని పరిమితులు చెబితే మార్కులు వేసేవారు సర్వే బలహీనంగా ఉందనుకోరా? నాకు ఇంకా సందేహంగానే ఉంది. కనీసం పరిమితులన్నీ చివర ఒకచోట చెప్పి, మొదట ఫలితాలు చెబితే వినేవారికి బాగుంటుందనిపిస్తుంది.

గణాంక_అధ్యాపకుడు (బుధవారం, రాత్రి 10:40)

చివర చెబితే, ఆ లోపు వింటున్నవారు 4 గంటలన్న అంకెను మొత్తం 180 మందికీ అన్వయించుకొని ఉంటారు. ఎవరి గురించి మాట్లాడుతున్నామో అంకెకు ముందే చెప్పాలి. మార్కుల మాటకొస్తే, నేను పరీక్షకుడిగా కూర్చున్నప్పుడు మొదట అడిగే ప్రశ్న ఆ 46 మంది ఎవరనే. ఈ పాఠం దానికి మొదటి నాలుగు వాక్యాల్లోనే సమాధానం చెప్పింది. ఇతర పరీక్షకులు వేరుగా ఆలోచించవచ్చు.

15 గీతల స్లైడ్ నాకు ఎంతో నచ్చింది. బాగా పైకి వెళ్లే 10 గీతలు, బాగా కిందికి వచ్చే 3 గీతలు ఒక్కసారి కంటికి కనిపిస్తే వివరణ అక్కర్లేదు. తప్పకుండా పెట్టండి.

సర్వే_క్షేత్ర_కార్యకర్త (గురువారం, ఉదయం 6:50)

సర్, మీ మాటకు అడ్డు చెబుతున్నందుకు క్షమించాలి. వినేవారిలో ఆ హాస్టల్ అమ్మాయిలు కూడా ఉంటారు కదా. బల్ల దగ్గర "నువ్వెంత రాశావు" అని అడుగుకున్నారని ఈ అమ్మాయే చెప్పింది. 10 అని రాసినవారు ఎవరో పక్కవారికి తెలిసే ఉంటుంది. 10 దగ్గర మొదలయ్యే గీత ఒక్కటే, అది 8:20 దగ్గర ఆగుతుంది. పేరు లేకపోయినా ఆమె ఫోన్ అంకె తరగతి మొత్తానికి తెలిసిపోతుంది. 8 రాసినవారికీ, 4 రాసి 2:50 వచ్చినవారికీ అదే సమస్య. పది మంది గంటకు పైగా తక్కువ చెప్పారన్న లెక్క మాటల్లో చెబితే చాలు, గీతలు అక్కర్లేదు.

గణాంక_అధ్యాపకుడు (గురువారం, ఉదయం 9:15)

మీ అభ్యంతరాన్ని గౌరవిస్తాను, కానీ పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. నిలువు గీతపై అంకెలు తీసేసి, గీతలు మాత్రమే ఉంచితే ఏది ఎవరిదో తెలియదు కదా. పైకి కిందికి వెళ్లే దిశ మాత్రం మిగులుతుంది.

సర్వే_క్షేత్ర_కార్యకర్త (గురువారం, ఉదయం 9:40)

అంకెలు తీసేసినా అన్నిటికంటే పైన మొదలయ్యే గీత ఎవరిదో తెలిసినవారికి తెలుస్తుంది. ఆ ముగ్గురినీ విడిగా అడిగి, వారు సరేనంటేనే గీతలు పెట్టాలి. ఏ కాగితం ఎవరిదో ఈ అమ్మాయికి గుర్తుంటేనే అది సాధ్యం.

డిగ్రీ_చివరి_ఏడు (గురువారం, సాయంత్రం 7:45)

వారే స్వయంగా ఫోన్ చూపించారు కాబట్టి ఆ ముగ్గురూ ఎవరో నాకు గుర్తుంది. ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. అంకెలు లేని గీతలైతే అభ్యంతరం లేదన్నారు. మూడో ఆమె ఊరికి వెళ్లింది, రేపు ఉదయం తరగతి మొదలయ్యే సమయానికి వస్తుందట. ఈ విషయం ఫోన్‌లో అడగడం నాకు ఇష్టం లేదు. ఆమె వచ్చి సరేనంటే గీతల స్లైడ్, లేకపోతే 10, 2, 3 అన్న మూడు అంకెలు మాత్రమే ఉన్న స్లైడ్. రెండూ పెన్ డ్రైవ్‌లో సిద్ధంగా పెట్టుకున్నాను.